పన్ను కాదు, నరం మొదట్లో కొట్టుకుంటున్న రక్తనాళం

ప్రశ్న: నా వయసు 59. మాది అనంతపురం. ఎనిమిదేళ్లుగా బెంగళూరు హొరమావులో కొడుకు దగ్గర ఉంటున్నాను. రెండేళ్లుగా కుడి చెంపలోను, పై పళ్లలోను ఉన్నట్టుండి కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి వస్తోంది. బ్రష్ చేసినా, ముఖం కడిగినా, ముక్కుపుడక కదిలినా వస్తుంది. రెండు పళ్లు తీయించుకున్నాను. మొదటిది తీశాక నాలుగు నెలలు హాయిగా ఉన్నాను, తర్వాత మళ్లీ మొదలైంది. చివరికి నరాల డాక్టరుగారు ట్రైజెమినల్ న్యూరాల్జియా అని చెప్పారు. కార్బమజెపిన్ రోజుకు 400 మిల్లీగ్రాములతో మొదట బాగా తగ్గింది. నెల తర్వాత తిరగబెడితే 800 చేశారు. ఇప్పటికి ఐదు నెలలు. నొప్పి చాలావరకు అణిగింది కానీ నడిస్తే తూలుతున్నాను, మాట కోసం వెతుక్కుంటున్నాను. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ఎమ్మారైలో సుపీరియర్ సెరిబెల్లార్ ఆర్టరీ మెలికపడి నరాన్ని కిందికి నెడుతోందని రాశారు. ఆపరేషన్ చేయిద్దామని కొడుకు, తలకు కత్తి పెట్టనివ్వనని మావారు. రక్తనాళం తగిలితే షాకు ఎందుకు కొడుతుంది? నేనేం చేయాలి? పంటి డాక్టరు మూడో పన్నుకు రూట్ కెనాల్ చేద్దామంటున్నారు, వెళ్లనా?

సమాధానం: అమ్మా, మిగతాదంతా తర్వాత నిదానంగా చదవవచ్చు, ముందు ఒక పని చేయండి. ఈ రోజో రేపో దగ్గరలోని ల్యాబులో రక్తంలో సోడియం ఎంత ఉందో పరీక్ష చేయించుకోండి. అది 135 నుంచి 145 మధ్య ఉండాలి. కార్బమజెపిన్ వల్ల కొందరిలో శరీరం నీటిని వదలకుండా పట్టి ఉంచుతుంది, దానితో రక్తంలో సోడియం పలచబడుతుంది. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ద్వారా సోడియాన్ని బయటికి పంపే మందు. రెండూ ఒకే దిశలో లాగుతున్నాయి. తూలడం, మాట తట్టకపోవడం కార్బమజెపిన్ మోతాదు ఎక్కువైనా వస్తాయి, సోడియం పడిపోయినా వస్తాయి, మనిషిని చూసి ఈ రెండింటినీ వేరు చేయడం ఎవరికీ సాధ్యం కాదు. రక్తపరీక్ష ఒక్కటే చెప్పగలదు.

ఈ మాట ముందుగా చెప్పడానికి నా సొంత పొరపాటు ఒకటి కారణం. ప్రాక్టీసు తొలి రోజుల్లో కోలారు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇలాగే తూలుతున్నానంటే, మందు ఎక్కువైందని నేనే తేల్చుకుని మోతాదు తగ్గించి పంపాను. వారం తిరక్కుండా నొప్పి పూర్తిగా తిరిగి వచ్చింది, తూలు మాత్రం అలాగే ఉంది. అప్పుడు చూస్తే సోడియం 121. ఆవిడ కూడా బీపీకి మీలాంటి మాత్రే వేసుకునేవారు, ఆ సంగతి నేను అడగలేదు. పైగా నీరసంగా ఉందని చుట్టుపక్కలవాళ్లు చెప్పిన సలహా మీద రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగుతున్నారు, అది సోడియాన్ని ఇంకా పలచన చేసింది. అందుచేత మీరు తూలు తగ్గుతుందని నీళ్లు అతిగా తాగవద్దు, ఉప్పు నోట్లో వేసుకోవద్దు, మాత్రలు మీ అంతట మీరు ఆపనూ వద్దు. పరీక్షలో సోడియం 130 కంటే తక్కువ వస్తే అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. వాంతులు, మగత, తికమకగా మాట్లాడడం, ఫిట్స్ వంటివి కనిపిస్తే పరీక్ష కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి.

ఇక షాకు ఎందుకు కొడుతుందన్న ప్రశ్నకు వద్దాం. ఇక్కడ మన భాష చిన్న చిక్కు తెచ్చి పెడుతుంది. సూది గుచ్చి రక్తం తీసేదాన్నీ మనం నరమే అంటాం, స్పర్శను మెదడుకు మోసేదాన్నీ నరమే అంటాం, అందుకే చాలామంది ఈ జబ్బును నరం మీద నరం ఎక్కిందని చెప్పుకుంటారు. ఈ జవాబులో నరం అంటే స్పర్శను మోసే తీగ, రక్తనాళం అంటే రక్తం పారే గొట్టం అని అనుకుందాం. ముఖం ఒక పక్క స్పర్శనంతా మెదడుకు చేర్చే నరాన్ని డాక్టర్లు ట్రైజెమినల్ అని, పాఠ్యపుస్తకాలలో త్రిధార నాడి అని అంటారు. పేరుకు తగ్గట్టే దానికి మూడు శాఖలు. పైది నుదురు, కన్ను వైపు వెళ్తుంది. మధ్యది చెంప, ముక్కు పక్క, పై పెదవి, పై పళ్లు. కిందిది దవడ, కింది పళ్లు. మీ నొప్పి ఉన్న చోట్లన్నీ కలిపి గీస్తే అది మధ్య శాఖ పటం అవుతుంది.

ఈ మూడు శాఖలూ పుర్రె లోపల కలిసి, ఒకే మొదలుగా మెదడు కాండంలోకి ప్రవేశిస్తాయి. ఆ మొదలు మూడు నాలుగు మిల్లీమీటర్ల లావు ఉంటుంది. లోపల వేల కొద్దీ సన్నని పోగులు, వాటిలో చాలా పోగులకు కొవ్వుతో చేసిన తొడుగు. మిక్సీ వైరులో రాగి తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే ఇదీ. అయితే ఈ తొడుగును మెదడు దగ్గర ఒక రకం కణాలు, మెదడుకు దూరంగా మరో రకం కణాలు చుడతాయి. ఈ రెండు రకాల తొడుగు కలిసే అతుకూ, దానికి మెదడు వైపున ఉన్న కొన్ని మిల్లీమీటర్ల మేరా నరానికి బలహీనమైన భాగం. దూరంగా ఉన్న తొడుగు ఒత్తిడికి బాగా తట్టుకుంటుంది, ఈ భాగం తట్టుకోలేదు.

మీ ఎమ్మారైలో పేరు రాసిన రక్తనాళం చిన్న మెదడు పైభాగానికి రక్తం అందించే ధమని. ఆ ధమని పుట్టుక నుంచే ఈ నరానికి కొద్ది దూరంలో, పైన వెళ్తూ ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ, ముఖ్యంగా బీపీ ఉన్నవారిలో, ధమనులు గట్టిపడి పొడవు సాగుతాయి. రెండు చివరలూ కదలకుండా ఉండి మధ్యలో పొడవు పెరిగితే వంపు తిరగక తప్పదు. ఆ వంపు కిందికి జారి నరం మొదట్లో, ఆ బలహీనమైన చోట కూర్చుంటుంది. ఊరికే కూర్చుంటే పెద్ద బాధ లేదు. అది ధమని కాబట్టి గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఉబ్బి ఒక్క దెబ్బ కొడుతుంది. నిమిషానికి 70 సార్లు అనుకున్నా రోజుకు లక్ష దెబ్బలు. ఏళ్ల తరబడి అదే చోట పడితే అక్కడి పోగుల తొడుగు అరిగి, పోగులు ఒకదానికొకటి ఆనుకుని బోడిగా మిగిలిపోతాయి.

ఈ ఒక్క విషయంతో మీ జబ్బులోని వింతలు చాలా వరకు విడిపోతాయి. ఆ మొదట్లో మెత్తని స్పర్శను మోసే లావు పోగులు, నొప్పిని మోసే సన్న పోగులు పక్కపక్కనే ఉంటాయి. తొడుగు ఉన్నంత కాలం ఎవరి వార్త వారిది. తొడుగు పోయిన చోట ముక్కుపుడక కదిలిన స్పర్శ తన పోగు దాటి పక్కనున్న నొప్పి పోగులోకి దూకుతుంది. అందుకే గట్టిగా నొక్కితే రాని నొప్పి, మెత్తగా తాకితే, చల్లగాలి తగిలితే వస్తుంది. డిసెంబరు ఉదయం బస్సు కిటికీ పక్కన కూర్చుంటే చాలు అని నా దగ్గరకు వచ్చేవారు చెబుతుంటారు. ఇంకొక సంగతి, తొడుగు పోయిన పోగులు చిన్న ప్రేరణకే గుంపుగా ఒకదాన్ని చూసి ఒకటి అంటుకుంటాయి, కొన్ని క్షణాలు, మహా అయితే రెండు నిమిషాలు మండి, తర్వాత అలసి ఆరిపోతాయి. ఆ కాసేపు మళ్లీ తాకినా ఏమీ కాదు. చాలామంది తెలియకుండానే ఈ విరామం పసిగట్టి, ఒక షాకు తిన్న వెంటనే గబగబా నాలుగు ముద్దలు తినేస్తారు. మిక్సీ వైరు పోలిక ఇక్కడ చెల్లదు, తెగిన వైరుకు అలసట ఉండదు కదా.

మొదటి పన్ను తీశాక నాలుగు నెలలు హాయిగా ఉండడం కూడా ఇందులో భాగమే. ఈ జబ్బు వరసగా కొన్ని వారాలో నెలలో పీడించి, కారణం లేకుండానే నెలల తరబడి శాంతించడం దాని స్వభావం. నొప్పి భరించలేని రోజుల్లోనే ఎవరైనా పన్ను తీయించుకుంటారు, ఆ తర్వాత సహజంగా వచ్చే విరామం పన్ను ఖాతాలో పడిపోతుంది. తాయెత్తుకూ, ఆకు పసరుకూ దక్కే పేరు కూడా ఈ లెక్కలోదే. పంటి డాక్టరుగారిని పూర్తిగా తప్పు పట్టలేం. పై పళ్లకు వెళ్లే పోగులు ఆ మధ్య శాఖలోవే కాబట్టి, నరం మొదట్లో మంట పుడితే మెదడుకు అది పంటిలో పుట్టినట్టే తోస్తుంది.

కార్బమజెపిన్ గురించి రెండు మాటలు. ఫిట్స్ మందు నాకెందుకు ఇచ్చారని చాలామంది భయపడి ఆపేస్తారు. పోగు ఒక్కసారిగా అతివేగంగా మండాలంటే దాని గోడలోని సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి దూసుకు రావాలి. ఈ మందు ఆ ద్వారాలను, మండుతున్నప్పుడే, మూసి పట్టుకుంటుంది. మెదడులో ఫిట్స్ ఆగేదీ అందుకే, చెంపలో షాకు ఆగేదీ అందుకే. ఈ ద్వారాల సోడియం వేరు, పైన నేను పరీక్ష చేయించమన్న రక్తంలోని సోడియం వేరు, రెంటినీ కలుపుకోకండి. మామూలు నొప్పి మాత్రలు వాపును తగ్గించేవి, ఇక్కడ వాపు లేదు కాబట్టి అవి పనిచేయవు. నెల తర్వాత నొప్పి తిరగబెట్టడం జబ్బు ముదిరిందనడానికి రుజువు కాదు. ఈ మందును విరిచే కాలేయపు పనిమంతులను, అంటే ఎంజైములను, ఈ మందే ఎక్కువ చేస్తుంది, మూడు నుంచి ఐదు వారాలలో అదే మోతాదుకు రక్తంలో నిలిచే మందు తగ్గిపోతుంది. మీకు 400 చాలక 800 అవసరం కావడంలో కొంత భాగం ఇదే. ఆ పనిమంతులు పక్క మందులను కూడా వదలరు. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు, ఆమ్లోడిపిన్ వంటి బీపీ మాత్రల బలం తగ్గుతుంది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్స్ ఇందుకు విరుద్ధంగా కార్బమజెపిన్ మట్టాన్ని పెంచి తూలు తెస్తాయి. పంటి దగ్గరో గొంతు నొప్పికో ఎవరైనా అవి రాస్తే మీ మాత్ర పేరు చెప్పడం మరవకండి.

ఈ మందు మొదలుపెట్టిన తొలి రెండు నెలలలో చర్మం మీద పొక్కులు లేచి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ అరుదుగా వస్తుంది. ఆసియా ప్రజలలో దాని ముప్పును పెంచే హెచ్‌ఎల్‌ఏ బి 1502 అనే జన్యువుకు పరీక్ష ఉంది, కొత్తగా మొదలుపెట్టేవారు డాక్టరును అడగడం మంచిది. మీరు ఐదు నెలలు దాటారు కాబట్టి ఆ గండం చాలావరకు గడిచినట్టే.

ఇప్పుడు మీ విషయంలో లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. సోడియం 137 వచ్చిందనుకోండి. అప్పుడు తూలుకు కారణం మోతాదే. మామూలు మాత్రకు బదులు నిదానంగా కరిగే సీఆర్ మాత్రకు మారిస్తే రక్తంలో మందు ఒక్కసారిగా ఎగదన్నడం తగ్గుతుంది, కొందరికి అంతటితోనే తూలు సగం పోతుంది. దాన్ని నమలకుండా, నలగ్గొట్టకుండా మింగాలి. లేదా కార్బమజెపిన్‌ను 600కు దించి, బాక్లోఫెన్ వంటి రెండో మందును చిన్న మోతాదులో కలపవచ్చు. సోడియం 127 వచ్చిందనుకోండి, కథ వేరు. ముందుగా బీపీ మాత్రలోంచి ఆ మూత్రం మందును తీయించి, టెల్మిసార్టన్ ఒక్కటే ఉంచేలా మీ ఫిజీషియన్‌తో మాట్లాడాలి, రెండు వారాలు ఇంట్లో బీపీ చూసుకుంటూ ఉండాలి, తాగే నీళ్లు ఎంతో వారే చెబుతారు, వారంలో సోడియం మళ్లీ పరీక్షించాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కార్బమజెపిన్ పడలేదంటే ఆక్స్‌కార్బజెపిన్‌కు మార్చడం మామూలు అలవాటు, దానికి తూలు తక్కువ, మందుల పేచీలు తక్కువ. కానీ సోడియాన్ని పడగొట్టడంలో అది కార్బమజెపిన్ కంటే ఒక ఆకు ఎక్కువే చదివింది. సోడియం తక్కువ ఉన్నవారికి అది తప్పు మార్గం. ఎవరైనా ఆ మార్పు సూచిస్తే పరీక్ష కాగితం ముందు పెట్టండి.

ఎమ్మారై రిపోర్టు గురించి ఒక హెచ్చరిక. రక్తనాళం నరానికి తగులుతోందని రాసి ఉన్నంత మాత్రాన అదే నేరస్థుడని చెప్పలేం. జీవితంలో ఒక్కసారి కూడా ముఖంలో షాకు తినని వారి స్కానులలో కూడా రక్తనాళం నరాన్ని ఆనుకుని కనిపించడం మామూలే. మీకు కూడా ఎడమవైపు అలా ఆనుకుని ఉండవచ్చు, అక్కడ నొప్పి లేదు కదా. అందుకే జబ్బును నిర్ధారించేది స్కాను కాదు, మీరు చెప్పిన కథ. స్కాను రెండు పనులకు పనికొస్తుంది. మొదటిది గడ్డ గానీ, మెదడు, వెన్నుపాములలో పోగుల తొడుగును దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే జబ్బు గానీ ఈ నొప్పికి మూలం కాదని తేల్చడం. చెంప ఎప్పుడూ మొద్దుబారి ఉండడం, ఆ వైపు చెవి వినపడకపోవడం, నలభై లోపు వయసులో మొదలవడం, రెండు వైపులా రావడం ఉంటే ఆ అనుమానం పెరుగుతుంది, మీరు రాసిన దానిలో అవేవీ లేవు. రెండవది ఆపరేషన్ చేస్తే ఫలితం ఎలా ఉంటుందో అంచనా వేయడం. దానికి తగులుతోంది అన్న మాట కంటే, నరాన్ని నెట్టి వంచిందా, నరం ఆ చోట సన్నబడిందా అన్నదే ముఖ్యం. మీ రిపోర్టులో కిందికి నెడుతోంది అని ఉంది, అదీ ధమని, అదీ నరం మొదట్లో, అదీ నొప్పి ఉన్న వైపే. ఆపరేషన్‌కు ఇంతకంటే అనుకూలమైన వర్ణన అరుదుగా దొరుకుతుంది. సన్నని పొరలుగా తీసిన ప్రత్యేక చిత్రాలు, సిస్ లేదా ఫియెస్టా అనే పేరు గలవి, మీ సీడీలో ఉన్నాయో లేదో అడగండి. మామూలు తల స్కానులో ఇవి ఉండవు, లేకపోతే సర్జన్ మళ్లీ తీయిస్తారు.

ఆ ఆపరేషన్ పేరు మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్. వాల్టర్ డాండీ అనే అమెరికన్ సర్జన్ వేరే పద్ధతిలో నరాన్ని కోస్తున్నప్పుడు చాలామందిలో రక్తనాళం అక్కడ ఆనుకుని ఉండడం గమనించి, నొప్పికి అదే కారణం కావచ్చునని 1934లో రాశాడు. నరాన్ని కోయకుండా రక్తనాళాన్ని మాత్రమే తప్పించే పద్ధతిని ఆపరేషన్ మైక్రోస్కోపుతో స్థిరపరచి, 1967లో ప్రకటించినవాడు పీటర్ జానెట్టా.

మీవారి భయం తలకు కత్తి అన్న మాట దగ్గర ఉంది కాబట్టి అక్కడ జరిగేదేమిటో దగ్గరగా చెబుతాను. పూర్తి మత్తు ఇచ్చి, పక్కకు పడుకోబెట్టి, చెవి వెనుక జుట్టు అంచులో చిన్న గాటు పెట్టి, ఎముకలో సుమారు పది రూపాయల నాణెమంత కిటికీ చేస్తారు. మెదడు చుట్టూ ఉన్న నీటిని కొంత వదిలితే చిన్న మెదడు తనంతట తాను కొంచెం వెనక్కి జారి దారి ఇస్తుంది. మెదడును కోయడం అనేది ఇందులో లేదు, మెదడుకూ ఎముకకూ మధ్య సందులోంచి లోపలికి చూడడమే. మైక్రోస్కోపులో ముందు వినికిడి నరం కనిపిస్తుంది, దాన్ని కదపకుండా దాని పైనుంచి ఇంకొంచెం లోపలికి వెళ్లాలి. అక్కడ తెల్లగా, పట్టీలాగా మన నరం. దాని మీద ఎర్రని వంపు ఒకటి, గుండె మానిటర్‌లోని చప్పుడుతో పాటే ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. దాన్ని నెమ్మదిగా ఎత్తితే కింద నరం మీద నొక్కుకు పోయిన గాడి కనిపిస్తుంది, గాడి ఉన్న చోట తెల్లదనం పోయి బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది. ధమనిని పైకి తప్పించి, దూదిలా పీకిన టెఫ్లాన్ ముక్కలను మధ్యలో సర్దుతారు. నాన్‌స్టిక్ పెనం మీద పూసే ఆ టెఫ్లానే. ధమనిని కట్టేయరు, నరాన్ని కోయరు. చాలామందికి మత్తు దిగేసరికే షాకు ఉండదు. అయినా మాత్రలు ఒక్కసారిగా ఆపకుండా కొన్ని వారాలలో దించుతారు.

ఫలితాల విషయంలో జానెట్టా బృందం పిట్స్‌బర్గ్ నుంచి 1996లో ప్రచురించిన లెక్క ఇప్పటికీ ఆధారం. 1,185 మందిని ఏళ్ల తరబడి గమనిస్తే, పదేళ్ల తర్వాత నూటికి 70 మంది ఏ మందూ లేకుండా, నొప్పి లేకుండా ఉన్నారు. నష్టాల లెక్క కూడా అక్కడే ఉంది. వెయ్యికి ఇద్దరు చనిపోయారు, నూటికి ఒకరికి ఆ వైపు చెవి వినికిడి పోయింది. గాయం నుంచి మెదడు నీరు కారడం, మెనింజైటిస్, చెంప కొంత మొద్దుబారడం కూడా కొద్దిమందిలో జరుగుతాయి. ఈ అంకెలు అది రోజూ చేసే చోటివి. అందుకే సర్జన్‌ను కలిసినప్పుడు ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారని, ఆపరేషన్ సాగుతున్నంత సేపూ వినికిడి నరాన్ని యంత్రంతో గమనిస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

తల తెరవని పద్ధతులు ఉన్నాయి, మీవారికి అవి మొదట నచ్చుతాయి. బుగ్గలోంచి సూదిని పుర్రె అడుగున ఉన్న రంధ్రం గుండా నరం ముడి దాకా పంపి, అక్కడ వేడితోనో, గ్లిసరాల్‌తోనో, చిన్న బెలూను ఉబ్బించి నొక్కో పోగులను కొంత దెబ్బతీయడం ఒకటి. ఉపశమనం వెంటనే వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లవచ్చు. గామా నైఫ్ రెండోది. తలకు చట్రం బిగించి, నరం మొదట్లో ఒక్క బిందువు మీదికి 80 నుంచి 90 గ్రే రేడియేషన్‌ను కేంద్రీకరిస్తారు. మన బెంగళూరులోనే నిమ్‌హాన్స్‌లో ఆ యంత్రం ఉంది. కత్తి లేదు, మత్తు లేదు, కానీ నొప్పి తగ్గడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది, అంతదాకా మాత్రలు తప్పవు. ఈ రెండు దారులకూ ఒకటే మూల లక్షణం, కొట్టే రక్తనాళం అక్కడే ఉంటుంది, మనం దెబ్బతీసేది నరాన్ని. అందుచేత కొన్నేళ్లలో నొప్పి తిరగబెట్టే అవకాశం ఎక్కువ, చెంప మొద్దుబారే అవకాశమూ ఎక్కువ. కంటి గుడ్డు మీద స్పర్శ పోతే నలుసు పడినా తెలియక కన్ను పాడవుతుంది. అరుదుగా, మొద్దుబారిన చోటే ఆగని మంట పుట్టి, దానికి ఏ మందూ పనిచేయని స్థితి కూడా వస్తుంది. వయసు మీరినవారికి, గుండె, ఊపిరితిత్తుల కారణంగా మత్తు తట్టుకోలేనివారికి, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారికి ఇవే సరైన దారులు. వాటిని నేను తక్కువ చేయడం లేదు. 59 ఏళ్ల వయసులో, స్కానులో ఇంత స్పష్టమైన ధమని ఉన్న మనిషికి మొదటి ఎంపికగా మాత్రం సూచించను.

మీ అబ్బాయి మాటా, మీవారి మాటా పూర్తిగా ఒప్పుకోకుండా నా సలహా ఇది. సోడియం సంగతి తేలి, మందు సరిదిద్దిన తర్వాత రెండు మూడు నెలలు చూడండి. తూలు లేని మోతాదులో నొప్పి అణిగి ఉంటే మాత్రలతోనే కొనసాగవచ్చు, ఆరు నెలలకోసారి సోడియం, రక్తకణాలు, కాలేయం పరీక్షలు చేయించుకుంటూ. నొప్పి ఆగాలంటే తూలాల్సిందే, తూలు ఆగాలంటే షాకు తినాల్సిందే అన్న పరిస్థితి వస్తే మందు ఓడిపోయినట్టే లెక్క, అప్పుడు ఆపరేషన్‌ను ఇంకా అయిదారేళ్లు వాయిదా వేయకండి. జబ్బు మొదలైన తొలి ఏళ్లలో చేసిన ఆపరేషన్‌కు ఫలితం మెరుగ్గా ఉంటుంది. న్యూరోసర్జన్‌ను ఇప్పుడే ఒకసారి కలిసి రావడంలో నష్టం లేదు, కలిసినంత మాత్రాన తారీఖు ఇచ్చినట్టు కాదు. మీవారిని కూడా వెంట తీసుకెళ్లి, ఆ స్కానులో వంపును సర్జన్ చేతనే కంప్యూటర్ తెర మీద చూపించమనండి. రెండేళ్లుగా మీరు చెంప పట్టుకుని కూర్చోవడం చూసినవారికి, దానికి ఒక రూపం ఉందని కంటితో చూడడం నా మాటల కంటే ఎక్కువ పనిచేస్తుంది. తూలు తగ్గేదాకా మాత్రం మెట్ల మీద పిట్టగోడ పట్టుకునే నడవండి, బాత్రూములో తడి లేకుండా చూసుకోండి. తుంటి విరిగితే ఈ చర్చంతా పక్కకు పోతుంది.

మూడో పన్ను రూట్ కెనాల్‌కు వెళ్లకండి, ఫోన్ చేసి ఆ అపాయింట్‌మెంట్ రద్దు చేసుకోండి. ఆ పంటికి చల్లని నీళ్లు తగిలాక నిమిషాల తరబడి సలుపుతూ ఉండడం, రాత్రి నిద్రలేపే నొప్పి, చిగురు వాపు, ఎక్స్‌రేలో మచ్చ ఉంటే అది పంటి జబ్బే, అప్పుడు చేయించుకోవాలి. అవేవీ లేకుండా తాకితే ఒక్క మెరుపు మెరిసి పోయే నొప్పి అయితే, ఆ పన్ను మీ దగ్గరే ఉండనివ్వండి. బ్రష్ చేయలేక రెండేళ్లుగా ఆ వైపు వదిలేసి ఉంటారు కాబట్టి, మాత్ర పని చేస్తున్న రోజు చూసుకుని ఆ వైపు పళ్లు శుభ్రం చేయించుకోండి. కుర్చీలో కూర్చునే ముందు మీరు కార్బమజెపిన్ వాడుతున్నారని, ముక్కు పక్కన ఎక్కడ తాకితే షాకు వస్తుందో ఆ చోటునూ పంటి డాక్టరుగారికి వేలు తగలకుండా చూపించండి.